గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవాళ్లు గర్భంలో షుగర్ పరీక్ష ఎలా చేయించుకున్నారు?

అక్కలూ, రెండేళ్ల కిందట నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. ఇప్పుడు 25వ వారం. 75 గ్రాముల గ్లూకోజు తాగి రక్తం ఇమ్మన్నారు మా డాక్టరమ్మ. నాకు భయంగా ఉంది. బైపాస్ అయ్యాక తీపి నీళ్లు గబుక్కున చిన్న పేగులోకి దిగిపోతాయి. షుగర్ ఒక్కసారిగా ఎక్కి, తర్వాత బాగా పడిపోతుంది. మొన్న కాస్త పాయసం తింటేనే చెమటలు, గుండెదడ, వణుకు.

దానికి బదులు వారం పాటు పరగడుపున, భోజనమైన గంటకు ఇంట్లోనే మీటర్‌తో చూసుకోవచ్చని సర్జన్ గారన్నారు. అలా చేసినవాళ్లున్నారా? ఆ రీడింగులు చూపిస్తే మీ డాక్టర్లు ఒప్పుకున్నారా?

ఇంకోటి. ఐరన్, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం పెడుతున్నా ఫెరిటిన్ 9 దాటడం లేదు. సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకున్నవాళ్లు ఏ నెలలో ఎక్కించుకున్నారు? దయచేసి చెప్పండి.