సిమ్ ట్రేలో స్టిక్కర్ ఎర్రబడింది. వారంటీ కాదనడానికి అది చాలా?

కౌంటర్_వైపు: 8 నెలల ఫోన్, 12 నెలల వారంటీ. ఛార్జింగ్ ఎక్కడం లేదని తెచ్చారు. తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు మారే స్టిక్కర్ సిమ్ ట్రేలో ఎర్రగా ఉంది. "ద్రవ నష్టం. వారంటీ వర్తించదు. రిపేర్‌కు ఛార్జీ పడుతుంది" అని రాసిచ్చాను. నీటిని తట్టుకుంటుందనే ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్‌లోకి నీళ్లు ఎలా వెళ్తాయని కస్టమర్ గొడవ. రాసింది చాలని మా మేనేజర్ అంటున్నారు. సరిపోతుందా?

టంకం: సరిపోదండీ. నేను బోర్డుల మీదే పనిచేస్తాను. సిమ్ ట్రే స్టిక్కర్ గుమ్మం దగ్గర కాపలా లాంటిది. తడి గుమ్మం దాకా వచ్చిందని మాత్రమే చెబుతుంది. చేతులు సరిగ్గా తుడుచుకోకుండా సిమ్ మార్చినా అది ఎర్రబడొచ్చు. ఛార్జింగ్ ఆగింది ఆ తడి వల్లేనని చెప్పాలంటే ఫోన్ విప్పి చూడాలి. లోపల ఇంకో స్టిక్కర్ ఉంటే దాని రంగేమిటి? ఛార్జింగ్ పోర్ట్ పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందా? ఇవి చూడకుండా ఇచ్చిన కాగితం మీద ఎవరైనా గొడవ పెడతారు.

నాలుగో_మెట్టు: స్టిక్కర్ ఎర్రగా ఉంటే అయిపోయింది. ఇంత చర్చ దేనికి?

హక్కు_మాది: దేనికా? ఐపీ68 అని పెట్టె మీద అచ్చు వేసి అమ్మారు. నీళ్లు లోపలికి వెళ్లకూడదు, వెళ్లాయంటే అది తయారీ లోపమే. తయారీ లోపానికి వారంటీ ఇవ్వక తప్పదు. ఇందులో విప్పి చూసేదేం లేదు.

తడిసిన_పావురం: నా ఫోన్‌కూ ఇలాగే చేశారు. స్పీకర్‌లో గరగర వస్తోందని ఇస్తే, నీళ్లు పడ్డాయని చెప్పి తిప్పి పంపారు. ఎక్కడ పడ్డాయో చూపించమంటే చూపించలేదు. ఆ ఫోన్ ఇప్పటికీ వాడుతున్నాను, స్పీకర్ తప్ప అన్నీ పనిచేస్తున్నాయి.

టంకం: పావురం గారూ, మీకు చూపించకపోవడం తప్పే. కానీ మీ స్పీకర్ సంగతికీ ఈ ఛార్జింగ్ సంగతికీ ముడి పెట్టొద్దు.

హక్కు గారూ, మీరు చెప్పిందాంట్లో సగం నిజం. ఆ రేటింగ్ పరీక్ష కొత్త ఫోన్ మీద, మంచినీళ్లలో, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పిన సమయం వరకే జరుగుతుంది. సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు, స్నానాల గది ఆవిరి అందులో లేవు. నీటిని ఆపేది ఫ్రేమ్ చుట్టూ ఉండే సన్నటి జిగురు పట్టీ. ఫోన్ ఒక్కసారి మూల మీద పడి ఫ్రేమ్ వంగితే అక్కడ ఆ పట్టీ విడిపోతుంది. అందుకే చాలా కంపెనీల వారంటీ కాగితంలో ద్రవ నష్టాన్ని విడిగా మినహాయిస్తారు. అయితే ఎక్కడా దెబ్బ లేకుండా, పట్టీ చెక్కుచెదరకుండా ఉండి కూడా లోపల తడి కనిపిస్తే మీ వాదనకు బలం ఉంటుంది. అలాంటి కేసును కౌంటర్‌లో తేల్చకూడదు, కంపెనీకే పంపాలి.

హక్కు_మాది: సన్నటి జిగురు పట్టీ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదే! దెబ్బ తగిలిందని ఎవరు తేలుస్తారు? మీరే. తడి అని ఎవరు అంటారు? మీరే. నేను అడిగేది ఒక్కటే, నీళ్లు ఆపుతుందన్నారా లేదా?

కౌంటర్_వైపు: ఇవాళ కస్టమర్ ముందే విప్పాం. కింది ఎడమ మూలలో ఫ్రేమ్‌కు సొట్ట ఉంది, అక్కడ పట్టీ లేచింది. దాని పక్కనే ఉన్న ఛార్జింగ్ బోర్డు మీద స్టిక్కర్ ఎర్రగా ఉంది, రెండు పిన్నులకు పచ్చటి తుప్పు పట్టింది. మెయిన్ బోర్డు మీది స్టిక్కర్ మాత్రం తెల్లగానే ఉంది. మేనేజర్ అయితే మెయిన్ బోర్డు కూడా మార్చాలని అంచనా వేయమన్నారు.

హక్కు_మాది: ఇదిగో, అసలు రంగు బయటపడింది! తెల్లగా ఉన్న బోర్డుకు కూడా డబ్బు తీస్తారా? వారంటీ కాదన్న చేత్తోనే బిల్లు రాస్తారా? స్టిక్కర్ల గురించి ఇంతసేపు పాఠం చెప్పిన టంకం గారు దీనికేమంటారు?

టంకం: మా పనివాళ్లందర్నీ దొంగల్ని చేయకండి. నేను బాగున్న బోర్డుకు ఎప్పుడూ బిల్లు వేయలేదు. వేయమంటే ఒక చోట ఉద్యోగం మానేసి వచ్చాను.

హక్కు_మాది: మిమ్మల్ని అనలేదండీ. కాదనేవారూ డబ్బు తీసుకునేవారూ ఒకరే అయినప్పుడు ఆ కారణాన్ని నేనెలా నమ్మాలి? మొదట్నుంచీ నా బాధ ఇదే. ఐపీ68 సంగతి తర్వాత.

టంకం: ఈ మాటకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. మీరు నమ్మకపోయినా కళ్లతో చూసేలా రాయడం ఒక్కటే మా చేతిలో ఉంది. కౌంటర్ గారూ, నేనైతే ఇలా రాస్తాను:

"మీ ఫోన్ ఛార్జింగ్ ఎక్కకపోవడానికి కారణం ఛార్జింగ్ బోర్డు మీద పట్టిన తుప్పు. కింది ఎడమ మూలలో ఫ్రేమ్ వంగి, నీటిని ఆపే పట్టీ లేచిపోయింది. తుప్పు దాని పక్కనే ఉంది. మీ ముందు తీసిన 3 ఫోటోలు జత చేశాం. దెబ్బ, ద్రవం వల్ల వచ్చిన నష్టం వారంటీలోకి రాదు, ఆ నిబంధన ఉన్న పేజీని కూడా జత చేశాం. అందుకే ఈ రిపేర్‌ను ఉచితంగా చేయలేకపోతున్నాం.

మెయిన్ బోర్డు మీద తడి ఆనవాళ్లు కనబడలేదు, దాన్ని మార్చమని చెప్పడం లేదు. ఛార్జింగ్ బోర్డు, పట్టీ మార్చడానికి అయ్యే ఖర్చు కింద రాశాం. తుప్పును శుభ్రం చేసి చూడటం ఇంకో దారి. దానికి ఖర్చు తక్కువే కానీ ఫోన్ ఎన్నాళ్లు పనిచేస్తుందో హామీ ఇవ్వలేం. రెండూ వద్దంటే విప్పిన ఫోన్‌ను బిగించి డబ్బు తీసుకోకుండా తిరిగి ఇస్తాం. మీరు సంతకం పెట్టేదాకా పని మొదలుపెట్టం. మార్చిన పాత భాగాన్ని మీకే ఇస్తాం. ఫ్రేమ్ వంగి ఉంది కాబట్టి, పట్టీ మార్చినా ఇకపై నీటిని కొత్త ఫోన్‌లా ఆపుతుందని చెప్పలేం."

"మీరు నీళ్లలో పడేశారు" అనే మాట ఎక్కడా రాయొద్దు. అది మనం చూడలేదు. చూసింది తుప్పు, సొట్ట, అంతే.

నాలుగో_మెట్టు: మొదట నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. తెల్ల స్టిక్కర్ సంగతి కూడా రాస్తారని అనుకోలేదు.

హక్కు_మాది: శుభ్రం చేసే దారిని, ఊరికే తిరిగి ఇచ్చే దారిని ముందు పెట్టండి. ఖరీదైనది పైన ఉంటే జనం దానికే తలూపుతారు. సొట్ట ఎప్పుడు పడిందో మాత్రం ఎవరూ తేల్చలేదు. 8 నెలల క్రితం పెట్టెలోంచి అలాగే వచ్చిందని కస్టమర్ అంటే?

టంకం: దెబ్బ చోట రంగు లేచి, గీతలుండి, మట్టి ఇరుక్కుంటే అది వాడకంలో పడిందని దాదాపు చెప్పొచ్చు. గీత లేకుండా నున్నగా వంగి ఉంటే నేను చెప్పలేను.

కౌంటర్_వైపు: గీతలున్నాయి, మట్టి కూడా ఉంది. మీరు రాసినట్టే రాసి, దారుల వరుస హక్కు గారన్నట్టు మార్చి ఇచ్చాను. ఫోటోలు జత చేయడానికి మేనేజర్ ఒప్పుకోలేదు, కౌంటర్‌లో చూపించమన్నారు. కస్టమర్ ఫోటోలు లేకుండా సంతకం పెట్టనన్నారు. ఇంకో ప్రశ్న కూడా అడిగారు: ఇక్కడే డబ్బు కట్టి రిపేర్ చేయించుకుంటే మిగతా 4 నెలలు స్క్రీన్‌కు వారంటీ ఉంటుందా?

టంకం: తడి తగలని భాగానికి ఉండాలి. కాగితంలో ఆ నష్టాన్ని మాత్రమే మినహాయించారా, మొత్తం వారంటీ రద్దవుతుందన్నారా అన్నది చదివి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి.

తడిసిన_పావురం: నాకైతే మొత్తం పోయిందన్నారు. ఆ కాగితం ఇప్పుడు వెతుకుతున్నాను.