మొహాల బొమ్మలు చూపించి పిల్లల్ని నొప్పి అడగడం: ఏ వయసు నుంచి పనికొస్తుంది?

అమలాపురం సిస్టర్
మాది పిల్లల నర్సింగ్ హోమ్ అండి. గంజి, వేడి పాలు ఒలికి కాలిన పిల్లలు తరచుగా వస్తుంటారు. కట్టు మార్చాక నొప్పి ఎంతుందో అడిగి కేసు షీట్లో రాయాలి. గోడకి ఆరు మొహాల బొమ్మ అంటించారు. ఎడమ చివర నవ్వు మొహం, కుడి చివర కన్నీళ్ల మొహం, కింద 0, 2, 4, 6, 8, 10 అంకెలు. ఆరేడేళ్ల పిల్లలతో ఇబ్బంది లేదు. నాలుగేళ్ల వాళ్ల దగ్గరే అయోమయంగా ఉంది. నిన్న ఒక బాబు కట్టు విప్పుతున్నంతసేపూ గుక్కపట్టి ఏడ్చాడు. అయిపోయాక అడిగితే నవ్వు మొహం మీద వేలు పెట్టాడు. పక్క మంచం మీద పాపకి పుండు దాదాపు మానిపోయింది, అప్పటిదాకా ఆడుకుంటూనే ఉంది. వాళ్లమ్మ టిఫిన్ తేవడానికి కిందకి వెళ్లగానే అడిగితే కన్నీళ్ల మొహం చూపించింది. ఇలాంటప్పుడు ఏది రాయాలి?

రాజోలు నాన్న
మా వాడికి ఐదేళ్లు. చెయ్యి విరిగినప్పుడు ఇలాగే బొమ్మ చూపించి అడిగారు. వాడు టక్కున నవ్వు మొహం చూపించాడు. రాత్రంతా మూలిగిన పిల్లాడు! ఇంటికొచ్చాక మెల్లగా అడిగితే, "ఏడుపు బొమ్మ చూపిస్తే సూది వేస్తారు కదా నాన్నా" అన్నాడు. పక్క పిల్లాడికి అలాగే వేశారట, చూశాడు.

పాలకొల్లు అంగన్‌వాడీ
మా దగ్గర కూడా ఇదే గొడవండి. భోజనం నచ్చిందా అని ఐదు మొహాల కాగితం ఇచ్చి పిల్లల చేత టిక్కు పెట్టించమన్నారు. అందరూ పెద్ద నవ్వుకే పెట్టారు. కోడిగుడ్డు ముట్టుకోని పిల్ల కూడా దానికే పెట్టింది. దీనికి మందేమిటో ఎవరైనా చెప్పండి.

భీమవరం మాస్టారు
ఐదూ ఆరూ మొహాలు పెట్టడమే పొరపాటు. మూడు చాలు: బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు. ఏ వయసు పిల్లలకైనా ఇదే వాడొచ్చు, వయసుల లెక్కలు అక్కర్లేదు.

కాకినాడ పిల్లల వార్డు
సిస్టర్ గారూ, మీ గోడ మీద ఉన్నది వాంగ్-బేకర్ బొమ్మ. అమెరికాలో 1983లో తయారైంది, మూడేళ్ల నుంచి వాడొచ్చంటారు. చిక్కంతా ఆ నవ్వులోనూ కన్నీళ్లలోనూ ఉంది. మీరు నొప్పి అడుగుతున్నారు, బొమ్మ మాత్రం సంతోషమా ఏడుపా అని అడుగుతోంది. మీ పాప అబద్ధం చెప్పలేదు, అమ్మ కనబడటం లేదని చెప్పింది. 2001లో వచ్చిన ఇంకో బొమ్మ ఉంది, పేరు ఫేసెస్ పెయిన్ స్కేల్ రివైజ్డ్. అందులోనూ ఆరు మొహాలే, కానీ నవ్వూ లేదు, కన్నీళ్లూ లేవు. మొదటిది మామూలు మొహం. అక్కణ్నుంచి కనుబొమలు ముడిపడుతూ, నోరు తెరుచుకుంటూ పోతుంది. మేం అదే వాడతాం. అంకెలు కాగితం వెనక ఉంటాయి, పిల్లాడికి కనబడవు.

అడిగే తీరు కూడా చెప్తాను. "ఈ మొహం అసలు నొప్పి లేని వాళ్లది. ఇటు వచ్చేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఈ చివరి మొహానికి చాలా చాలా నొప్పి. ఇప్పుడు నీకు ఎంత ఉందో చూపించు." అంతే. సంతోషం, ఏడుపు, పాపం అనే మాటలు రానివ్వం. ఇంట్లో నొప్పికి ఏ మాట వాడతారో ముందే తల్లిని అడిగి, ఆ మాటతోనే అడుగుతాం.

మీ బాబు సంగతి వేరు. విప్పుతుంటే నొప్పి, విప్పాక లేదు. వాడి జవాబు నిజమే కావచ్చు. "ఇప్పుడు" అని గట్టిగా చెప్పి అడగండి. విప్పేటప్పటి నొప్పి కావాలంటే ఆ సమయంలో మీరే చూసి రాసుకోండి. ఆ వయసులో ఇందాకటి నొప్పిని గుర్తుచేసుకుని కొలిచి చెప్పడం కష్టం.

అమలాపురం సిస్టర్
ఆ బొమ్మ నాలుగేళ్ల వాళ్లకి పనికొస్తుందా మేడమ్?

కాకినాడ పిల్లల వార్డు
నాలుగు నుంచి అని రాసి ఉంటుంది. నా అనుభవంలో ఐదు, ఐదున్నర వచ్చేదాకా చాలామంది మధ్య మొహాల జోలికే వెళ్లరు, ఆ చివరో ఈ చివరో చూపిస్తారు. అందుకని ముందు పరీక్ష పెడతాను. "చీమ కుట్టితే ఏ మొహం? వేలు తలుపులో పడి నలిగితే ఏ మొహం? అమ్మ ఒళ్లో ఊరికే కూర్చుంటే?" ఈ మూడూ వరసలో వస్తే పిల్లాడికి కాగితం అర్థమైనట్టే. తర్వాత అవే మొహాలు తిరగేసిన వరసలో, చాలా నొప్పి మొహం ఎడమ చివర ఉన్న ఇంకో కాగితం పట్టుకుని మళ్లీ అడుగుతాను. వేలు అదే మొహం మీదకి వెళ్తే సరే. మొహం మారి, వేలు మాత్రం అదే పక్కకి వెళ్తే పిల్లాడు చోటు చూసి చూపిస్తున్నాడన్నమాట, ఆ జవాబు నేను రాయను.

పరీక్ష దాటని మూడు, నాలుగేళ్ల వాళ్లకి రెండు మెట్లలో అడుగుతాం. మొదట "నొప్పి ఉందా?" ఉందంటే మూడు బొమ్మలు పెట్టి "కొంచెమా, ఇంకాస్తా, చాలానా?" ఇక్కడో జాగ్రత్త. రెండు మూడేళ్ల పిల్లలు ఏదడిగినా "ఆఁ" అంటారు. కాసేపాగి "నొప్పి పోయిందా?" అని కూడా అడగండి. దానికీ "ఆఁ" అంటే ఇక అడగడం ఆపేయాలి. అప్పుడు ఫ్లాక్ పద్ధతిలో మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకోవడం చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వేస్తాం, మొత్తం 10కి. అది రెండు నెలల పిల్లల నుంచి ఏడేళ్ల దాకా వాడొచ్చు.

మాస్టారూ, మూడు మొహాలన్నది చిన్నవాళ్లకి మీరన్నట్టే సరైనది. ఎనిమిదేళ్ల వాడికి మాత్రం చాలదు. మందిచ్చాక నొప్పి 8 నుంచి 6కి దిగిందా లేదా అన్నది డాక్టరుకి కావాలి. మూడు మొహాల్లో అయితే ముందూ తర్వాతా రెండూ "చాలా" కిందే పోతాయి. ఆ వయసు వాళ్లని బొమ్మ లేకుండా సున్నా నుంచి పది దాకా అంకెలోనే అడగొచ్చు.

భీమవరం మాస్టారు
ఒప్పుకుంటాను. నేను పాఠం నచ్చిందా అని అడిగే లెక్కలో చెప్పాను. అక్కడ మాత్రం పెద్ద క్లాసులకి కూడా మూడే మేలని నా అభిప్రాయం.

తణుకు లక్ష్మి, ప్రీస్కూల్
పాలకొల్లు అక్కా, నచ్చిందా అని టీచరే అడిగితే పిల్లలు టీచరుకి నచ్చే జవాబే ఇస్తారు. ఆ కాగితం పక్కన పెట్టి గుడ్డు బొమ్మ, చిక్కీ బొమ్మ రెండూ పెట్టి "రేపు ఏది కావాలి?" అని అడగండి. తర్వాత రోజు బొమ్మల చోట్లు మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ ఒకటే చూపిస్తే కొంత నమ్మొచ్చు. వీలైతే పక్క సెంటర్ ఆయా చేత అడిగించండి. పళ్లెంలో ఏం మిగిలిందో కూడా రాసుకోండి, మూడేళ్ల వాళ్ల విషయంలో నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

పాలకొల్లు అంగన్‌వాడీ
ఇది చేయగలం. కానీ పైవాళ్లకి టిక్కులున్న కాగితమే కావాలి, దాని సంగతేం చెయ్యాలో మరి.

రాజోలు నాన్న
మరి సూది భయం ఉన్న పిల్లాడి మాటేంటి? బొమ్మ మార్చినా మా వాడు నొప్పి లేదనే అంటాడు.

కాకినాడ పిల్లల వార్డు
నిజమేనండి, బొమ్మ మార్చితే అది పోదు. సూది వేసేవాళ్లు కాకుండా వేరేవాళ్లు అడగడం, ట్రే కనబడకుండా పెట్టడం మేం చేస్తాం. "సూది వెయ్యం" అని మాత్రం చెప్పను, వెయ్యాల్సి వస్తే ఆ పిల్లాడు మళ్లీ ఎప్పుడూ నిజం చెప్పడు. పిల్లాడు లేదని, తల్లి ఉందని అంటే ఇద్దరి మాటా వేర్వేరుగా రాస్తాను, కలిపి సగటు తీయను.

అమలాపురం సిస్టర్
మా డాక్టరు గారు నాలుగేళ్ల వాళ్లకి కూడా అంకే రాయమంటారు. కొంచెం, ఇంకాస్త, చాలా అన్నవాటిని అంకెల్లోకి మార్చొచ్చా?

కాకినాడ పిల్లల వార్డు
కొందరు మారుస్తారు. మా వార్డులో దీని మీద ఇంకా వాదన నడుస్తోంది. నేనైతే పిల్లాడు చెప్పిన మాటే రాసి, పక్కన ఫ్లాక్ అంకె వేస్తాను.