క్రూడ్ ఆప్షన్ కొన్నవాడి నష్టం ప్రీమియం దగ్గరే ఆగుతుందా?

సతీశ్: షేర్ల ఆప్షన్లు కొన్నాళ్లుగా చేస్తున్నా. ఎంసీఎక్స్ కమోడిటీ మార్కెట్లో క్రూడ్‌ను 6,000కి కొనే హక్కిచ్చే కాల్ ఆప్షన్ కొన్నా. గడువు దగ్గరపడగానే బ్రోకరు మార్జిన్ పెట్టమంటున్నాడు. కొన్నవాడికి ప్రీమియం పోతే పోయినట్టే కదా, ఇంకా మార్జిన్ దేనికి?

వెంకట్: ఇందులో కొత్తేముంది? షేర్లలోనూ 2019 అక్టోబరు నుంచి డెలివరీయే. ఆప్షన్ ఇన్ ది మనీలో, అంటే మార్కెట్ ధర మన రేటుకు అనుకూలంగా ఉంటే అక్కడా డబ్బు కట్టాల్సిందే. రెండూ ఒకటే.

రామం: డబ్బు అడగడం వరకే పోలిక, వెంకట్ గారూ. షేర్లకు మొత్తం సొమ్ము కట్టాక అవి డీమ్యాట్‌లో పడతాయి. ఆ తర్వాత ధర పడినా మిమ్మల్ని అడిగేవాడు లేడు, ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు. క్రూడ్‌లో చేతికొచ్చేది ఇంకో కాంట్రాక్టు, అంటే తర్వాతి తేదీకి ముందే ధర కుదుర్చుకున్న ఫ్యూచర్. ఆప్షన్ గడువు ఫ్యూచర్ కంటే రెండు పనిదినాలు ముందే ముగుస్తుంది. ఇన్ ది మనీలో ఉంటే ఆ రాత్రికి సతీశ్ పేరు మీద 6,000 దగ్గర కొన్న ఫ్యూచర్ పడుతుంది.

లెక్క చూడండి. లాటు 100 బ్యారెళ్లు. ప్రీమియం 80 అనుకుంటే పెట్టింది 8,000 రూపాయలు. గడువు రోజు ఫ్యూచర్ 6,050 దగ్గర ఆగితే 5,000 జమ అవుతుంది. మర్నాడు 5,900కి పడిందా, 15,000 ఖాతాలోంచి పోతుంది. మొత్తం నష్టం 18,000. మార్జిన్ అడిగేది ఆ మర్నాటి కోసమే.

సునీత: ఆ రోజు సాయంత్రమే ఆప్షన్ అమ్మేసుకుంటే ఈ గొడవే ఉండదుగా?

రామం: చాలాసార్లు అంతే, అమ్మేయడమే మేలు. కాకపోతే లోతుగా ఇన్ ది మనీలో ఉన్న ఆప్షన్లకు చివరి గంటల్లో కొనేవాళ్లు పలచబడతారు. 50 రావాల్సిన చోట 42కి అడుగుతారు. అది ఒప్పుకోవాలో, ఫ్యూచర్ తీసుకుని వెంటనే అమ్మాలో మీ ఇష్టం.

కిరణ్ (హ్యూస్టన్): ఇక్కడ 2020 చూశాం. అమెరికా క్రూడ్ డబ్ల్యూటీఐ మే నెల ఆప్షన్ల గడువు ఏప్రిల్ 16న అయిపోయింది. ఆ రోజు కాల్ ద్వారా ఫ్యూచర్ వచ్చి అమ్మకుండా కూర్చున్నవాళ్లకు 20న ధర మైనస్ 37.63 డాలర్లు. ఎంసీఎక్స్‌లోనూ ఏప్రిల్ కాంట్రాక్టు మైనస్ 2,884 రూపాయలకు సెటిల్ అయింది. షేరు ఎంత పడినా సున్నా దగ్గర ఆగుతుంది.

మల్లేశ్: బంగారం కాల్ కొంటే బిస్కెట్ ఇంటికొస్తుందా అన్నా? పెళ్లికి కావాలి.

రామం: ముందు ఫ్యూచరే వస్తుంది. దాన్ని డెలివరీ దాకా మోసి, పూర్తి సొమ్ము కడితేనే బంగారం. పెళ్లికైతే షాపులో కొనుక్కో తమ్ముడూ.

వెంకట్: అయినా నా మాట మీదే ఉన్నా. మర్నాటి నష్టం ఫ్యూచర్‌ది, ఆప్షన్‌ది కాదు. ప్రీమియం లెక్కలో దాన్ని కలపడం అన్యాయం.

సతీశ్: పేరు ఏదైనా డబ్బు పోయేది నా ఖాతాలోంచే కదండీ. రేపు సాయంత్రం లోపు అమ్మేస్తున్నా.