నవాంశలో ఏడో ఇల్లు చూసి సంబంధం వద్దనుకోవచ్చా?

గోదారిగట్టు: మా అమ్మాయి జాతకం. ఆసుపత్రి చీటీలో టైము ఉదయం 8:40. లాహిరి అయనాంశతో తులా లగ్నం 3°10'. శుక్రుడు కన్యలో 9°10', నీచ, పైగా పన్నెండో ఇల్లు. నవాంశలో శుక్రుడు మీనంలో ఉచ్ఛ, శని మేషంలో నీచ. మా సిద్ధాంతి గారు "శుక్రుడికి నవాంశ బలం ఉంది, ఢోకా లేదు" అన్నారు. అబ్బాయి వాళ్లు చూపించుకున్న ఆయన "నవాంశ లగ్నం తుల, దానికి ఏడింట నీచ శని, వద్దు" అన్నారట. నవాంశలో ఇళ్లు లెక్కపెట్టాలా, గ్రహం ఏ రాశిలో పడిందో చూసి వదిలేయాలా?

దశమభావం: లగ్నం తులలో మొదటి నవాంశ, అంటే వర్గోత్తమం. వర్గోత్తమ లగ్నానికి తిరుగులేదు. పైగా నవాంశ పెళ్లయ్యాకే పనిచేస్తుంది, ఇప్పుడు దాన్ని పట్టుకుని కంగారు పడక్కర్లేదు.

లెక్కల మాష్టారు: దశమభావం గారూ, చర రాశిలో మొదటి 3°20' వర్గోత్తమం అన్నది కరెక్టే. కానీ లగ్నం 3°10' దగ్గర ఉంది. నవాంశ మారడానికి ఇంకా 10' మాత్రమే. మన అక్షాంశంలో తుల ఒక డిగ్రీ ఉదయించడానికి నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. అంటే ముప్పావు నిమిషం తేడా వస్తే చాలు, మీ తిరుగులేని వర్గోత్తమం పోయి నవాంశ లగ్నం వృశ్చికం అవుతుంది. 8:41కి వేసి చూడండి.

ఇక గోదారిగట్టు గారి ప్రశ్నకి నా జవాబు: ఇళ్లు లెక్కపెట్టకండి. నవాంశ అంటే రాశిలో తొమ్మిదో వంతు, నక్షత్రంలో ఒక పాదం. శుక్రుడు ఉత్తర నాలుగో పాదంలో ఉన్నాడు, ఆ పాదం మీనానిది. గ్రహం కన్యలోనే ఉంది, దాని సత్తా ఎంత అన్నది మాత్రం మీనం చెబుతోంది. మనం నవాంశలకి విడిగా ఒక చక్రం గీస్తున్నాం కాబట్టి అది ఇంకో ఆకాశంలా కనబడుతుంది. ఒక లెక్క చూడండి. మేషంలో 1 డిగ్రీలో కుజుడు, సింహంలో 1 డిగ్రీలో గురువు ఉంటే నవాంశలో ఇద్దరూ మేషంలోనే పడతారు. చక్రంలో పక్కపక్కన కూర్చుంటారు. అసలు ఆకాశంలో వాళ్ల మధ్య 120 డిగ్రీల దూరం. దాన్ని గురుమంగళ యోగం అందామా?

భావచంద్రిక: మాష్టారూ, మీరు ఎప్పుడూ ఈ ఉదాహరణే తెస్తారు. యుతి, దృష్టి వద్దంటే సరే, నేనూ వాటిని నవాంశలో వాడను. ఇళ్లు ఎందుకు వద్దు? పరాశరుడు ఒక్కో వర్గాన్నీ ఒక్కో విషయానికి చెప్పి, నవాంశను కళత్రానికి పెట్టాడు. జైమిని పద్ధతిలో ఆత్మకారకుడు ఏ నవాంశలో ఉంటే దాన్ని లగ్నంలా పెట్టుకుని రెండు, నాలుగు, ఏడు, పన్నెండు అంటూ లెక్కించేవాళ్లు లేరా? అక్కడ పనికొచ్చిన లెక్క నవాంశ లగ్నానికి పనికిరాదా?

లెక్కల మాష్టారు: ఆ కారకాంశను మళ్లీ రాశిచక్రంలోకి తెచ్చి లెక్కించాలా, నవాంశలోనే లెక్కించాలా అన్నదాని మీదే జైమిని వాళ్లు ఇప్పటికీ రెండు జట్లు. మీరు అందులో ఒక జట్టు మాట చెప్పారు.

భావచంద్రిక: మీరు రెండో జట్టు మాట చెప్పారు!

వేపచెట్టు: ఆయన అడిగింది ఒక్క ప్రశ్న. జైమినిని ఎందుకు లేపారు?

స్వాతి15: నాకు ఇలాగే నవాంశలో కుజుడు ఏడింట ఉన్నాడని రెండు సంబంధాలు తప్పిపోయాయి. రాశిలో కుజదోషం లేదు. రాశిలో లేని దోషం నవాంశలో ఎక్కడి నుంచి పుడుతుంది? ఎవరూ చెప్పలేదు. ఫీజు మాత్రం రెండు చోట్లా తీసుకున్నారు.

దశమభావం: స్వాతి గారూ, కుజదోషం రాశి లగ్నం, చంద్రుడు, శుక్రుడి నుంచి చూస్తారు. నవాంశ నుంచి చూడటం ఈమధ్య మొదలైంది.

భావచంద్రిక: ఈమధ్య అని ఎవరన్నారు? అసలు దోషం వేరు, ఫలం వేరు. నేను నవాంశ ఏడులో కుజుడిని చూసి దోషం అనను, దంపతుల మధ్య వేడి ఉంటుందని చెబుతాను.

స్వాతి15: వేడి అని చెప్పినా అవతలివాళ్లు వినేది దోషం అనే కదండీ.

లెక్కల మాష్టారు: స్వాతి గారు అడిగినదానికి సూటిగా: పుట్టదు. రాశిలో ఉన్నది ఎంత గట్టిగా ఉందో చెప్పడమే నవాంశ పని. షడ్వర్గ వింశోపకంలో 20కి రాశి వాటా 6, నవాంశ వాటా 5. మిగతా నాలుగు వర్గాలూ కలిపి 9. నవాంశకి అంత బరువు ఇచ్చారంటే గ్రహబలం తేల్చడంలో దాని మాట చెల్లుతుందని. దాంతో కొత్త ఇళ్లు కట్టమని కాదు.

గోదారిగట్టు గారి అమ్మాయి శుక్రుడినే తీసుకోండి. కన్యలో శుక్రుడు ఎక్కడున్నా నీచే. కానీ అన్ని నీచలూ ఒకటి కావు. 6°40' నుంచి 10° వరకు ఉత్తర నాలుగో పాదం, నవాంశ మీనం, అంటే నీచ గ్రహానికి లోపల ఉచ్ఛ బలం. అదే శుక్రుడు 28 డిగ్రీల దగ్గర ఉంటే చిత్త రెండో పాదం, నవాంశ మళ్లీ కన్యే. వర్గోత్తమం అని పేరు ఘనంగా ఉంటుంది, జరిగింది మాత్రం నీచ రెండింతలు కావడం. మొదటివాళ్లకి పెళ్లి ఆలస్యం కావచ్చు, చిక్కులు రావచ్చు, అయినా నిలబెట్టుకునే శక్తి ఉంటుంది. రెండోవాళ్లకి ఆ ఆసరా బయట ఎక్కడైనా ఉందా అని వెతకాలి: బుధుడు కేంద్రంలో ఉన్నాడా, గురువు చూస్తున్నాడా అని.

దశమభావం: నేను వర్గోత్తమం ఎక్కడున్నా మంచిదనుకునేవాణ్ణి. చాలామంది అలాగే రాస్తారు.

గోదారిగట్టు: మాష్టారు గారూ, అయితే శుక్రుడి సంగతి తేలిపోయినట్టేనా? శనిని పట్టించుకోనక్కర్లేదా?

లెక్కల మాష్టారు: శని తులా లగ్నానికి నాలుగు, ఐదు ఇళ్ల అధిపతి, యోగకారకుడు. నవాంశలో మేషం పట్టాడు కాబట్టి ఆ యోగం కొంత నీరసం. అంతవరకే. ఏడింట కూర్చున్నాడన్నది టైము మీద ఆధారపడిన మాట. 8:41 అయితే నవాంశ లగ్నం వృశ్చికం, శని ఆరింటికి పోతాడు, శుక్రుడు ఆరు నుంచి ఐదుకి వస్తాడు, ఏడో ఇల్లు శుక్రుడిదే అయిన వృషభం అవుతుంది. ఒక్క నిమిషంలో వద్దన్న సంబంధం భేషైన సంబంధం అయిపోయింది. చీటీలో 8:40 అని ఉంటే అది గోడ గడియారం చూసి అయిదుకి సర్దిన అంకె కావచ్చు. ఏడుపు వినబడ్డప్పటిదా, బొడ్డు కోసినప్పటిదా అన్నది కూడా తెలియదు. నవాంశ లగ్నం సగటున 13 నిమిషాలకోసారి మారుతుంది. శుక్రుడైతే ఒక నవాంశలో రెండున్నర రోజులకు పైగా ఉంటాడు. టైము పావుగంట తప్పినా శుక్రుడు మీనంలోనే ఉంటాడు.

భావచంద్రిక: ఆగండి, ఆగండి. ఇదే మీతో నా గొడవ. టైము తప్పితే లగ్నం మారుతుందని శనిని కొట్టేశారు. అయనాంశ మారితే మీ ఉచ్ఛ శుక్రుడు ఉంటాడా? రామన్ అయనాంశకీ లాహిరికీ సుమారు 1°27' తేడా. 9°10' కాస్తా 10°37' అవుతుంది. 10° దాటితే హస్త మొదటి పాదం, నవాంశ మేషం. ఉచ్ఛ ఏది? మన దగ్గర ఇప్పటికీ పూర్వ పద్ధతి పంచాంగంతో జాతకం వేసేవాళ్లున్నారు, దృగ్గణితంతో పోలిస్తే అందులో స్ఫుటాలు ఇంకోలా ఉంటాయి. మంచి చెప్పడానికి పనికొచ్చిన నవాంశ చెడు చెప్పేసరికి పనికిరాకుండా పోతుందా? అమ్మాయి తండ్రి అడిగారు కదా అని మెత్తగా చెబుతున్నారు మీరు.

వేపచెట్టు: ఇది మాత్రం గట్టి దెబ్బ.

లెక్కల మాష్టారు: దెబ్బే, కాదనను. కానీ రెండూ ఒక రకం తప్పులు కావు. అయనాంశ అన్నది ఎంచుకునే విషయం. ఒకటి పట్టుకుంటే అందరి జాతకాలూ దాంతోనే చూస్తాం, ఫలాలు తప్పుతుంటే తెలుస్తుంది. లగ్నం టైము అలా కాదు, ఈ ఒక్క చీటీలో నర్సు రాసిన అంకె. అది ఎటు తప్పిందో ఏ పద్ధతీ చెప్పదు. ఇంకో మాట. అవతలి ఆయన నవాంశ లగ్నం తుల అన్నారంటే ఆయనా లాహిరికి దగ్గరి అయనాంశే వాడారు. రామన్‌తో వేసి ఉంటే లగ్నం 4°37' అయ్యి, నవాంశ లగ్నం వృశ్చికం వచ్చేది. అంటే ఆయన వాడిన లెక్కలోనే శుక్రుడు ఉచ్ఛలో ఉన్నాడు. దాని గురించి ఒక్క మాటైనా చెప్పారా? ఆయన ఒకే కాగితంలో గట్టిగా నిలిచేదాన్ని వదిలేసి, జారిపోయేదాన్ని పట్టుకుని వద్దన్నారు. నా అభ్యంతరం అది.

భావచంద్రిక: టైము జారుతుందంటే జన్మకాల శోధన చేస్తాం. సంఘటనలు తీసుకుని లగ్నాన్ని సరిచేస్తాం. నేను అది చేయకుండా నవాంశలో భావాలు చెప్పను. శోధన చేసి చెప్పేవాణ్ణి, చేయకుండా చెప్పేవాణ్ణి ఒకే గాటన కడితే ఎలా?

లెక్కల మాష్టారు: పెళ్లి కాని అమ్మాయికి నవాంశ లగ్నాన్ని ఏ సంఘటనతో సరిచేస్తారు? చదువు, ఉద్యోగం, తోబుట్టువులతో రాశి లగ్నాన్ని సరిచూడొచ్చు. తుల 3°10'ని 3°25' నుంచి వేరు చేయాలంటే కళత్ర సంఘటనే కావాలి. అది ఇంకా జరగలేదు, జరుగుతుందా అని అడగడానికే వీళ్లు వచ్చారు.

భావచంద్రిక: తోబుట్టువుకి ద్రేక్కాణం, చదువుకి చతుర్వింశాంశ ఉన్నాయి. చతుర్వింశాంశ 1°15'కే మారుతుంది, అంటే అయిదు నిమిషాలు. దాంతో నవాంశ హద్దు తేల్చలేమా?

లెక్కల మాష్టారు: ఇక్కడ తేల్చలేరు. చతుర్వింశాంశ హద్దులు 2°30', 3°45'. నవాంశ హద్దు 3°20'. ఈ లగ్నం ఇటు ఉన్నా అటు ఉన్నా ఆ వర్గంలో ఒకే గదిలో పడుతుంది. ద్రేక్కాణం 10° దాకా మారనే మారదు.

భావచంద్రిక: ఈ జాతకానికి ఒప్పుకుంటాను. అన్ని జాతకాలకీ మాత్రం కాదు. లగ్నం నవాంశ నడిమధ్యలో, 5° దగ్గర ఉన్న అమ్మాయి వస్తే నేను ఏడో ఇల్లు చూస్తాను, చూసినది చెబుతాను కూడా.

స్వాతి15: నాది 11°40'. మరి నాకు చెప్పండి, కుజుడు నిజంగా ఏడింటే ఉన్నట్టా?

లెక్కల మాష్టారు: 10°కీ 13°20'కీ సరిగ్గా నడుమ. ఆరేడు నిమిషాలు అటూఇటూ అయినా లగ్నం కదలదు, కాబట్టి స్థానం నిజమే. దాని అర్థం మీద మా ఇద్దరికీ కుదరదు.

గోదారిగట్టు: చీటీ మళ్లీ తీసి చూశాను. 8:40 మీద ఇంకో సిరాతో దిద్దినట్టుంది. కింద ఉన్నది 8:46లా కనబడుతోంది.

భావచంద్రిక: 8:46 అయితే వృశ్చికమే, లగ్నం 4°30' ప్రాంతం. శని స్ఫుటం కూడా పెట్టండి. అతను మేష నవాంశ అంచున ఉన్నాడేమో చూడాలి.