తుంటి ఆపరేషన్ నోట్‌లో కాల్కార్ క్రాక్‌ను ఎలా రాయాలి?

ఆర్థోపెడిక్ సర్జన్లు, ముఖ్యంగా సీనియర్లు సలహా ఇవ్వగలరా? నేను పీజీని. తుంటి ఆపరేషన్ల నోట్స్ ఎక్కువగా నేనే రాస్తుంటాను.

తొడ ఎముక మెడ విరిగిన ఒక పెద్దావిడకి సిమెంట్ లేని స్టెమ్ వేస్తున్నాం. చివరి దెబ్బలకి కాల్కార్ దగ్గర సన్నని చీలిక కనిపించింది. స్టెమ్ బయటికి తీసి, చీలిక ఎంతవరకు వెళ్లిందో చూసి, లెసర్ ట్రొకాంటర్ పైన సెర్క్లాజ్ వైర్ బిగించి, అదే స్టెమ్ మళ్లీ దించాం. తిప్పి చూస్తే కదల్లేదు. నోట్ టెంప్లేట్‌లో మాత్రం 'కాంప్లికేషన్లు: లేవు' అని ముందే టైపై ఉంది. అక్కడే సరిచేసేశాం కాబట్టి దాన్ని మార్చక్కర్లేదని ఒక సీనియర్ అన్నారు. నాకది సరిగా అనిపించడం లేదు. రేపు స్టెమ్ కిందికి దిగిపోతే, ఎక్స్‌రే చూసే డాక్టరుకి ఆ వైర్ ఎందుకుందో ఎలా తెలుస్తుంది? ఫిజియో వాళ్లు పూర్తి బరువు మోపించేస్తే?

చీలిక ఎప్పుడు, ఎక్కడ వచ్చింది, ఎంత పొడవు, ఏం చేశాం, చివరికి స్టెమ్ స్థిరంగా ఉందా అన్నది కాంప్లికేషన్ల కిందే రాసి, బరువు మోపే సూచన విడిగా ఇస్తే సరిపోతుందా?

ఇంకొకటి. స్టెమ్, హెడ్ స్టిక్కర్లలో సైజు, లాట్ నంబర్ ఉంటాయి, నోట్‌కి అంటిస్తాం. వైర్ మాత్రం స్టెరిలైజ్ చేసిన ట్రేలోంచి తీసింది, స్టిక్కరే లేదు. దాన్ని మీరెలా నమోదు చేస్తారు? ట్రే నంబర్ రాస్తారా?