బళ్లో పొద్దున ప్రేయర్‌లో పాడిన పాట పేరు చెప్పగలరా? ట్యూన్ మాత్రమే గుర్తుంది

పదేళ్ల వయసులో రోజూ పాడిన పాట, ఇప్పుడు మాటలు ఒక్కటీ రావట్లేదు. 'మా తెలుగు తల్లికి' కాదు, అది వస్తుంది. చేత్తో తాళం వేసి చూస్తే తకిట తకధిమి, అంటే మూడూ నాలుగు, ఏడు దెబ్బలకి ఒక ముక్క అయిపోతోంది.

ముత్యాల సరం నడక అని గురజాడ 'దేశమును ప్రేమించుమన్నా' ఆ ట్యూన్‌లో పాడి చూశా, చక్కగా కూర్చుంది. సరే దొరికింది అనుకుని రాయప్రోలు 'శ్రీలు పొంగిన జీవగడ్డై' కూడా పాడితే అదీ అంతే చక్కగా కూర్చుంది! ఆ నడకలో ఉన్న ఏ పాట మాటలు పెట్టినా సరిపోతాయి కాబట్టి తాళంతో తేలేది కాదు.

ఒక్క గుర్తు ఉంది. ముందు ఇద్దరు పాడితే మేమందరం తిరిగి అనేవాళ్లం, ప్రతి నాలుగో పాదం చివర 'తల్లీ' అని రెండుసార్లు, రెండోసారి బాగా పైకి లాగి (మాలో సగం మందికి అక్కడ గొంతు పోయేది). పై రెండు పాటల్లో ఆ ముగింపు లేదు. మీ బళ్లో ఎవరైనా పాడి ఉంటే మొదటి పాదం చెప్పండి చాలు, మిగతాది నేనే వెతుక్కుంటా.