కేటలాగ్‌లో ఆర్టిస్ట్ పరిచయం: చదువు ముందా, పని ముందా?

కేటలాగ్_కమిటీ, బెంగళూరు: ఫిబ్రవరిలో ఇక్కడ ఆరుగురు తెలుగు ఆర్టిస్టుల గ్రూప్ షో. ఒక్కొక్కరికి తెలుగులో ఐదారు లైన్లే చోటు. చదువుతో మొదలుపెట్టాలా, పనితోనా అని కమిటీలో గొడవ. ఇక్కడ రోడ్డు మీద ఒక్క రోజు జరిగే చిత్రసంతెలో పెట్టిన స్టాల్‌ని ప్రదర్శన కింద రాయొచ్చా? ఒకావిడ పంపిన డ్రాఫ్ట్ ఇది:

"చిత్తూరులో జన్మించి చిన్ననాటి నుంచే రంగులపై మక్కువ పెంచుకున్న ఈమె చిత్రకళా పరిషత్‌లో బీవీఏ, బరోడాలో ఎంవీఏ పూర్తి చేశారు. ప్రకృతి, కాలం, జ్ఞాపకం ఈమె కళలో ప్రధానాంశాలు. కొచ్చి బియెన్నాలే, లలిత కళా అకాడమీ, చిత్రసంతె వంటి ప్రతిష్ఠాత్మక వేదికలపై ఎన్నో ప్రదర్శనలు ఇచ్చారు."

మైలాపూర్_బాబాయి: చదువే ముందు. కొనేవాడు, గ్యాలరీవాడు మొదట చూసేది బరోడానా, శాంతినికేతనా, మన ఎగ్మూరు కాలేజీనా అనే. అది చూశాకే బొమ్మ వైపు తిరుగుతాడు. ఆ తర్వాత ప్రదర్శనలు మొదటిదాని నుంచి వరుసగా, ఒక్కటీ వదలకుండా రాయాలి.

తూలిక_జయనగర్: బాబాయిగారూ, కొనేవాళ్ళ సంగతి మీరన్నది కొంత నిజమే. చదువు తీసేయమని నేనూ అనను. కానీ కేటలాగ్ చేతిలో పట్టుకున్నవాడు అప్పటికే బొమ్మ ముందు నిలబడి ఉంటాడు. "ఇదేంటి, దేంతో చేశారు" అన్నదే అతని మొదటి ప్రశ్న. దానికి జవాబు మొదటి వాక్యంలో దొరక్కపోతే రెండోది చదవడు. ప్రదర్శనలన్నీ వరుసగా రాసేది సీవీలో, అక్కడా కొత్తవి పైన ఉంటాయి. ఐదు లైన్లలో మూడు షోలు చాలు.

ఇక ఈ డ్రాఫ్ట్. "ప్రకృతి, కాలం, జ్ఞాపకం" అన్నది మీ మిగతా ఐదుగురి పేర్ల కింద పెట్టినా అతికిపోతుంది, చిక్కంతా అక్కడే. ఆవిడ వేటి మీద ఏం గీస్తారు, ఏ వస్తువు మళ్ళీ మళ్ళీ వస్తుంది? పెద్ద మాట కాదు, కంటికి కనబడే వస్తువు చెప్పండి.

కేటలాగ్_కమిటీ: అడిగాను. ప్లైవుడ్ మీద చెక్కి, నల్ల సిరాతో, ప్రెస్ లేకుండా చేత్తో రుద్ది అచ్చులు తీస్తారట. పూడిపోయిన చెరువుల తూములు, కట్టలు, ఇళ్ళ కింద కప్పబడిపోయిన మరవలు, అంటే నీళ్ళు పొర్లే అలుగులు, వేస్తున్నారు. కొచ్చిలో పాల్గొంది 2016 స్టూడెంట్స్ బియెన్నాలేలో. లలిత కళా అకాడమీ అంటే చెన్నై గ్రీమ్స్ రోడ్ హాల్, 2022లో నలుగురు స్నేహితులు కలిసి అద్దెకు తీసుకున్నారు. సోలో ఒకటే, 2019లో, పరిషత్ గ్యాలరీలో.

తూలిక_జయనగర్: తూములు, మరవలు! ఇంత మంచి సరుకు పెట్టుకుని "ప్రకృతి" అని రాశారా?

షోల లైన్లో రెండు చిక్కులున్నాయి, రెండూ పరువు తీసేవే. స్టూడెంట్స్ బియెన్నాలే వేరు, కొచ్చి-ముజిరిస్ బియెన్నాలే ప్రధాన ప్రదర్శన వేరు. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే రోజుల్లో జరుగుతాయి, అయినా ప్రధాన ప్రదర్శనకి ఆర్టిస్టుల్ని ఎంచేది క్యురేటర్. ఉత్త "కొచ్చి బియెన్నాలే" అని రాస్తే తెలిసినవాడు ఆ ఏడాది జాబితాలో పేరు వెతుకుతాడు, దొరకదు. ఆ తర్వాత మిగతా లైన్లు కూడా నమ్మడు. "స్టూడెంట్స్ బియెన్నాలే" అని పూర్తిగా రాస్తే అది గౌరవమే.

అకాడమీ సంగతీ అంతే. అకాడమీ నిర్వహించే జాతీయ కళా ప్రదర్శనకి జ్యూరీ ఎంపిక ఉంటుంది. గ్రీమ్స్ రోడ్ హాల్ ఎవరైనా దరఖాస్తు పెట్టి అద్దె కట్టి తీసుకోవచ్చు. "లలిత కళా అకాడమీ ప్రదర్శన" అంటే మొదటిదని అనుకుంటారు. అందుకే దాన్ని వేదికగానే రాయండి: గ్రూప్, ఆ హాలు పేరు, చెన్నై, 2022. అద్దె సంగతి రాయక్కర్లేదు, అందులో తప్పేం లేదు, సగం షోలు అలాగే నడుస్తాయి. సోలోనో గ్రూపో మాత్రం దాచకూడదు.

కలంకారీ_కుర్రాడు: అన్నా, డిగ్రీయే లేనివాళ్ళ సంగతేంటి? నేను శ్రీకాళహస్తిలో మా మామ దగ్గర ఆరేళ్ళు నేర్చుకున్నా. ఇక్కడ ఒక షోకి పంపితే "స్వయంకృషితో ఎదిగిన కళాకారుడు" అని వేసేశారు. మా మామ ఇంకా మాట్లాడట్లేదు.

తూలిక_జయనగర్: మాట్లాడకపోవడం న్యాయమే తమ్ముడూ. గురువు దగ్గర నేర్చుకుంటే అది చదువే. గురువు పేరు, ఊరు, ఏళ్ళు, ఏ పనిలో చెయ్యి తిరిగిందో రాయి: కరక్కాయ, పాలతో బట్ట సిద్ధం చేయడం నుంచి కలంతో గీత వరకూ అని. "శ్రీకాళహస్తి" అన్న మాట వదలకు. లేకపోతే మచిలీపట్నం అచ్చుల అద్దకం అనుకుంటారు, నీది చేతి గీత.

మైలాపూర్_బాబాయి: అలాగైతే ఆ అమ్మాయి "నేను ఈ తూములను ఎందుకు చెక్కానంటే" అని తన గొంతుతోనే రాస్తే ఇంకా బాగుంటుంది కదా?

తూలిక_జయనగర్: అది ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ బాబాయిగారూ, గోడ మీద విడిగా పెట్టుకోవచ్చు. పరిచయం ఎప్పుడూ బయటివాడు చెప్పినట్టే ఉండాలి, లేకపోతే షోల జాబితా గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. నేనైతే ఇలా వేస్తాను:

"చిత్తూరుకు చెందిన ఈ ప్రింట్‌మేకర్ ప్లైవుడ్ మీద చెక్కి, నల్ల సిరాతో చేత్తో రుద్ది అచ్చులు తీస్తారు. పూడిపోయిన చెరువుల తూములు, కట్టలు, ఇళ్ళ కింద కప్పబడిన మరవలు ఆమె పనిలో తరచూ కనిపిస్తాయి. బెంగళూరు చిత్రకళా పరిషత్‌లో బీవీఏ, బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయంలో ఎంవీఏ చేశారు. సోలో: చిత్రకళా పరిషత్ గ్యాలరీ, బెంగళూరు, 2019. గ్రూప్: లలిత కళా అకాడమీ హాల్, గ్రీమ్స్ రోడ్, చెన్నై, 2022, స్టూడెంట్స్ బియెన్నాలే, కొచ్చి, 2016. బెంగళూరులో ఉంటున్నారు."

డిగ్రీల పక్కన ఏళ్ళు పెట్టాలా అన్నది ఆవిడనే అడగండి. పెడితే ఆరుగురికీ పెట్టండి, ఒక్కరికే ఉంటే మిగతావాళ్ళు దాచినట్టుంటుంది. "మక్కువ", "ప్రతిష్ఠాత్మక", "ఎన్నో" కనబడితే కొట్టేయండి.

అచ్చు_శివాజీనగర్: ఒక మాట. మీ ఆరుగురివీ ఒకే పొడవు ఉంటాయని డిజైనర్ అనుకుంటాడు. ఇంగ్లీష్‌లో డమ్మీ పెట్టి బాక్స్ గీసేస్తాడు. తెలుగు వచ్చాక వత్తులు కింది లైన్‌కి తగులుతాయి, లైన్ల మధ్య జాగా పెంచాల్సొస్తుంది, చివరి లైన్ బయటికి పోతుంది. చివర్న ఉండేది షోలే కాబట్టి, ఎడిటర్‌ని అడక్కుండా కత్తిరించేది కూడా వాటినే. అందుకే పేజీ కట్టకముందే అన్నిటికన్నా పొడవైన తెలుగు పరిచయం డిజైనర్‌కి ఇచ్చేయండి.

కేటలాగ్_కమిటీ: చిత్రసంతె తీసేశారే! ఆవిడ ఒప్పుకుంటారో లేదో. కుమారకృప రోడ్డు మీద ఆ ఒక్క రోజు తన అచ్చుల్ని చూసినంతమంది గ్యాలరీలో ఎప్పుడూ చూడలేదంటారు.

తూలిక_జయనగర్: జనం రావడం వేరు, ప్రదర్శన వేరు. అది స్టాల్ పెట్టి అమ్ముకునే సంత. సీవీలో విడిగా "ఆర్ట్ ఫెయిర్లు" అని వేసుకోమనండి. మూడు షోల చోటులో అది దూరిస్తే 2019 సోలో పోతుంది.

కలంకారీ_కుర్రాడు: అక్కా, అక్కడ ఒప్పుకోను. ఢిల్లీ ఆర్ట్ ఫెయిర్‌లో గ్యాలరీవాడు బూత్ పెడితే మాత్రం అందరూ పరిచయంలో మొదటి లైన్లో వేసుకుంటారు. అదీ స్టాలే, అదీ అమ్మకమే. రోడ్డు మీద మనమే కూర్చుంటే సంతా?

తూలిక_జయనగర్: అక్కడ గ్యాలరీ ఎంచి తీసుకెళ్తుంది, తేడా అదే. కానీ నువ్వన్నదాంట్లో ఉడుకు ఉంది, కాదనను.

మైలాపూర్_బాబాయి: కుర్రాడికే నా ఓటు. చదువు మాత్రం ఇప్పటికీ ముందే ఉండాలంటాను.